బాస్కెట్‌బాల్ డిఫెన్స్: బంతికి దూరంగా ఉన్నవాడు ఎక్కడ నిలబడాలి? హాఫ్ కోర్టు ఆటలతో మ్యాన్ టు మ్యాన్, జోన్ నేర్పడం ఎలా

హైస్కూలు పిల్లలకు డిఫెన్స్ అనగానే మనం మొదట నేర్పేది మోకాళ్లు వంచి, చేతులు చాచి, బంతి ఉన్నవాడి ముందు నిలబడటం. అది అవసరమే. కానీ బంతి ఎప్పుడూ ఒక్కరి చేతిలోనే ఉంటుంది. మిగతా డిఫెండర్లు ఆ సమయంలో ఎక్కడ నిలబడాలి? మన విజయనగరం జిల్లా స్కూళ్ల మ్యాచ్‌లు చూడండి. లే-అప్‌లు ఎక్కువగా పడేది బంతి దగ్గర ఉన్న డిఫెండర్ ఓడిపోవడం వల్ల మాత్రమే కాదు, అవతలి పక్కన ఉన్నవాడు సాయానికి రాలేని చోట నిలబడి ఉండటం వల్ల. ఒక్కొక్కరు ఒక్కో మనిషిని చూసుకునే మ్యాన్ టు మ్యాన్, ఒక్కొక్కరు ఒక్కో చోటును చూసుకునే జోన్, రెండింటికీ ప్రాణం ఆ అవతలి పక్క మనిషి నిలబడే చోటులోనే ఉంది. కాబట్టి ఈ పాఠాన్ని అతని మీదే నడుపుదాం. 8, 9, 10 తరగతుల పిల్లలకు, ఒకే రింగ్ ఉన్న గ్రౌండ్‌లో, నాలుగైదు పీరియడ్లలో ఇది నేర్పవచ్చు.

ముందు గ్రౌండ్ సిద్ధం చేసుకోండి

పూర్తి కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. మనకు సగం చాలు. మట్టి గ్రౌండ్ అయితే ముగ్గు పిండితో రెండు గుర్తులు వెయ్యండి. మొదటిది రింగ్ ముందుండే దీర్ఘచతురస్రం. దాన్ని ఇక్కడ కీ అందాం. వెడల్పు 4.9 మీటర్లు, ఎండ్ లైన్ నుంచి పొడవు 5.8 మీటర్లు. పైగీతే ఫ్రీ త్రో లైన్. రెండోది రూల్ బుక్‌లో ఉండని గీత. రింగ్ కింద నుంచి సెంటర్ లైన్ దాకా, కోర్టును నిలువుగా రెండు భాగాలు చేస్తూ ఒక నడిమి గీత గీయండి. ఈ పాఠం మొత్తం ఆ గీత చుట్టూనే తిరుగుతుంది. బంతి గీతకు ఏ పక్కన ఉంటే అది బంతి పక్క, రెండోది సాయం పక్క.

ఆట నలుగురికి నలుగురు. ముగ్గురితో ఆడిస్తే సాయం పక్క సరిగా ఏర్పడదు. ఐదుగురితో ఆడిస్తే కీ కిక్కిరిసిపోయి పిల్లలకు తాము నిలబడ్డ చోటు తప్పో ఒప్పో కనిపించదు.

అటాకర్లు నలుగురికీ చోట్లు చెప్పండి. రింగ్ వైపు చూస్తే కుడి, ఎడమ అని లెక్క. ఒకటో నంబర్ పైన కుడి వైపు, రెండో నంబర్ పైన ఎడమ వైపు. ఇద్దరూ ఎండ్ లైన్‌కి ఎనిమిది మీటర్ల దూరంలో, నడిమి గీతకు చెరో రెండున్నర మీటర్ల పక్కన. మూడో నంబర్ కింద కుడి వైపు, నాలుగో నంబర్ కింద ఎడమ వైపు. ఇద్దరూ సైడ్ లైన్‌కి మీటరున్నర లోపల, ఎండ్ లైన్‌కి మూడు మీటర్ల పైన. నాలుగు చోట్లా ముగ్గు పిండితో చిన్న గుండ్రాలు వేస్తే మొదటి రెండు పీరియడ్లూ తికమక ఉండదు.

క్లాసులో నలభై మంది ఉంటే నలుగురేసి జట్లు చెయ్యండి. ఒక జట్టు అటాక్, ఒకటి డిఫెన్స్. మూడు అటాక్‌లు కాగానే మారాలి. బయట ఉన్న పిల్లల్లో ఒక్కొక్కరికి ఒక్కో డిఫెండర్‌ని అప్పగించి, "బంతి సంగతి వదిలెయ్యి, ఆ అబ్బాయి కాళ్లు మాత్రమే చూడు" అని చెప్పండి. బయట కూర్చుని చూసేవాళ్లు కూడా ఈ పాఠాన్ని చాలా వరకు పట్టుకుంటారు.

మొదటి ఆట: డ్రిబుల్ లేని మ్యాన్ టు మ్యాన్

మ్యాన్ టు మ్యాన్‌తోనే మొదలుపెట్టండి. జోన్ తొందరగా ఫలితం ఇస్తుంది కాబట్టి టోర్నమెంట్ ముందు చాలామంది దాన్నే ముందు నేర్పిస్తారు. నా అభిప్రాయం వేరు. ఒక మనిషికి బాధ్యత తీసుకోవడం, బంతినీ మనిషినీ ఒకేసారి చూడటం రాని పిల్లలకు జోన్ ఇస్తే అది నిలబడి చూసే డిఫెన్స్ అయిపోతుంది.

రూల్స్ ఇవి. అటాకర్లు డ్రిబుల్ చెయ్యకూడదు, పాస్‌లు మాత్రమే. బంతి చేతిలో ఐదు సెకన్లకు మించి ఉండకూడదు. మొదటి రౌండ్‌లో అటాకర్లు తమ గుండ్రాలు దాటి కదలకూడదు. ఎవరి నంబర్ డిఫెండర్ వాళ్ల నంబర్ అటాకర్‌ని చూసుకోవాలి.

ఇప్పుడు బంతి మూడో నంబర్ దగ్గర, అంటే కింద కుడి వైపు ఉందనుకోండి. నలుగురూ ఇలా ఉండాలి. మూడో డిఫెండర్ బంతికీ రింగ్‌కీ మధ్య, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో. ఒకటో డిఫెండర్ తన మనిషి పైన ఉన్నా, ఒకటి రెండు అడుగులు కిందకి, బంతి వైపు జరిగి ఉండాలి. అతని మనిషి బంతికి ఒక్క పాస్ దూరంలో ఉన్నాడు కాబట్టి పూర్తిగా వదలకూడదు. రెండో డిఫెండర్ మనిషి రెండు పాస్‌ల దూరంలో ఉన్నాడు. కాబట్టి తను ఒక కాలు కీ లోపల పెట్టి ఫ్రీ త్రో లైన్ దగ్గరికి వచ్చెయ్యాలి. ఇక నాలుగో డిఫెండర్. అతని మనిషి పన్నెండు మీటర్ల అవతల ఉన్నాడు. తను మాత్రం రింగ్ ముందు, నడిమి గీత మీద నిలబడాలి.

ఇక్కడే పిల్లలు ఒప్పుకోరు. "ఏటి మేస్టారూ, నా మనిషిని వదిలీమంటారా?" అని అడుగుతారు. వాళ్ల భయం న్యాయమైనదే, మాటతో తీరదు. అదే చోటు నుంచి నాలుగో నంబర్‌కి పొడవాటి పాస్ వేయించి చూపించండి. పన్నెండు మీటర్ల పాస్ గాల్లో ఇంచుమించు ఒక సెకను ఉంటుంది. డిఫెండర్ పరుగెత్తాల్సింది ఐదు మీటర్లు. బంతి చెయ్యి వదిలిన క్షణంలో బయలుదేరితే, అటాకర్ బంతి పట్టుకుని సర్దుకునేసరికి చేరిపోతాడు. బంతి అందిన తర్వాత బయలుదేరితే చేరడు. ఆ చోటు ఎందుకు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచెయ్యదో ఆ ఒక్క పాస్‌లోనే కనిపిస్తుంది.

చివరి రెండడుగులు చిన్నవిగా వేసి, ఒక చెయ్యి పైకెత్తి, మీటరు దూరంలో ఆగమనండి. మన పిల్లల్లో అంత దూరం నుంచి షాట్ తరచుగా వేసేవాళ్లు తక్కువ. మీదకి దూసుకెళ్తే అటాకర్ పక్క నుంచి జారుకుని రింగ్‌కి వెళ్లిపోతాడు. మీ క్లాసులో దూరం నుంచి గురి ఉన్న అమ్మాయో అబ్బాయో ఉంటే వాళ్ల దగ్గర మాత్రం ఇంకో అడుగు ముందుకు వెళ్లాలి.

ఈ కదలికకు పిల్లలకు బాగా తెలిసిన పోలిక కబడ్డీ. రెయిడర్ కుడి మూలకి పోతే ఎడమ మూలలో ఉన్నవాడు అక్కడే నిలబడిపోడు, గొలుసు మొత్తం జరుగుతుంది. బంతి కదిలితే నలుగురూ అలాగే జరగాలి.

విజిల్ ఎప్పుడు ఊదాలి

మీరు బంతి చూస్తూ ఉంటే ఈ ఆటలో తప్పులు కనిపించవు. ఎండ్ లైన్ వెనక, రింగ్‌కి సూటిగా నిలబడండి. పాస్ అటాకర్ చేతికి అందిన క్షణంలో విజిల్ ఊదండి. అందరూ ఉన్నచోట ఆగిపోవాలి. ఆ క్షణంలో ఇంకా పరుగులో ఉన్న డిఫెండర్ ఆలస్యంగా బయలుదేరినట్టే. పొడవాటి పాస్‌కి మాత్రం కొంచెం మినహాయింపు ఇవ్వండి. అప్పుడు చివరి అడుగుల్లో ఉన్నా ఫర్వాలేదు.

ఆగినప్పుడు ఒకే మాట చెప్పండి: "ఒక చెయ్యి బంతి వైపు, ఒక చెయ్యి నీ మనిషి వైపు చూపించు." తల తిప్పకుండా రెండు చేతులూ చూపగలిగితే అతను నిలబడ్డ చోటు, తిరిగిన దిక్కు రెండూ సరిగ్గా ఉన్నట్టు. మెడ తిప్పి వెతుక్కుంటే బంతిని మాత్రమే చూస్తున్నాడన్నమాట. అతని వెనక నుంచి ఎవరైనా రింగ్‌కి పరుగెత్తినా తెలియదు. ఒక అడుగు వెనక్కి వేసి పక్కకు తిరిగితే చాలు, చాలామందికి ఆ సమస్య పోతుంది.

ఆపడం ఒక అటాక్‌కి ఒక్కసారే. ప్రతి పాస్‌కీ ఆపితే అది ఆట కాదు, డ్రిల్లు అయిపోతుంది. పిల్లలకు విసుగొస్తుంది.

రెండో ఆట: డ్రిబుల్ ఇవ్వండి, సాయం పరీక్షించండి

ఇప్పుడు బంతి అందుకున్న అటాకర్‌కి రెండు డ్రిబుల్స్ ఇవ్వండి. బంతి మళ్లీ మూడో నంబర్ దగ్గర ఉంది. అతను తన డిఫెండర్‌ని దాటి ఎండ్ లైన్ పక్కగా రింగ్‌కి వస్తున్నాడు. నాలుగో డిఫెండర్ నడిమి గీత మీద ఉన్నాడు కాబట్టి రెండడుగుల్లో కీ కుడి అంచుకి వెళ్లి ఎదురు నిలబడాలి. రింగ్ కిందికి వచ్చేదాకా ఎదురుచూస్తే ఆలస్యం. రెండు పాదాలూ నేల మీద ఆని, ఎదురు తిరిగి, ముందే చోటు పట్టుకుని ఉంటే ఢీకొట్టినా అటాకర్‌దే ఫౌల్. పక్క నుంచి ఆలస్యంగా వచ్చి తగిలితే డిఫెండర్‌ది. ఒక పిల్లాడికి ఈ ఫౌల్ పదే పదే వస్తుంటే అతను మొరటుగా ఆడుతున్నాడని అనుకోకండి. సాయం పక్కన చాలా దూరంగా నిలబడి బయలుదేరుతున్నాడు. చోటు సరిచేస్తే ఫౌల్స్ తగ్గుతాయి.

నాలుగో డిఫెండర్ వెళ్లిపోయాడు, మరి నాలుగో అటాకర్‌ని ఎవరు చూస్తారు? రెండో డిఫెండర్ ఫ్రీ త్రో లైన్ నుంచి దిగి రింగ్ ముందుకు రావాలి. తన దగ్గరలో ఉన్నవాడు సాయానికి వెళ్లగానే, ఖాళీ అయిన చోటు తను నింపాలి. ఇది పిల్లలకు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చే కదలిక. ఒక పీరియడ్ మొత్తం దీనికే ఇచ్చినా వృథా కాదు. మొదట నడకలో చేయించండి, తర్వాత సగం వేగంతో, ఆ తర్వాతే ఆటలో. ఎవరూ పిలవకపోతే ఇద్దరూ వెళ్లిపోతారు, లేదా ఇద్దరూ ఆగిపోతారు. కాబట్టి వెళ్లేవాడు "నాది" అని గట్టిగా అరవాలి. అరుపు లేకుండా ఆపిన బంతికి పాయింట్ ఇవ్వకండి.

మూడో ఆట: అదే అటాక్, జోన్‌తో

ఇప్పుడు అదే నలుగురు డిఫెండర్లకు మనుషులను తీసేసి చోట్లు ఇవ్వండి. ఇద్దరు ఫ్రీ త్రో లైన్ రెండు చివర్లలో, ఇద్దరు కింద కీ రెండు అంచుల దగ్గర. నలుగురూ కలిసి ఒక పెట్టెలా ఉంటారు. వాళ్లను కుడి పై, ఎడమ పై, కుడి కింద, ఎడమ కింద అని పిలవండి. మొదటి రౌండ్‌లో మళ్లీ డ్రిబుల్ లేదు, అటాకర్లు కదలకూడదు.

బంతి ఒకటో నంబర్ దగ్గర మొదలవుతుంది. కుడి పై వాడు బంతి మీదకి వెళ్తాడు. ఎడమ పై వాడు ఫ్రీ త్రో లైన్ మధ్యకి జరుగుతాడు. కుడి కింద వాడు మూడో నంబర్ వైపు ఒక అడుగు బయటికి, ఎడమ కింద వాడు రింగ్ ముందుకి. బంతి మూడో నంబర్‌కి వెళ్లగానే కుడి కింద వాడు అతని మీదకి వెళ్తాడు, కుడి పై వాడు ఫ్రీ త్రో లైన్ కుడి చివరకి దిగుతాడు, ఎడమ పై వాడు కీ మధ్యలోకి వస్తాడు, ఎడమ కింద వాడు రింగ్ ముందే ఉంటాడు.

విజిల్ ఊది ఆపండి. బయట కూర్చున్న పిల్లలను అడగండి: "ఇది మ్యాన్ టు మ్యానా, జోనా?" ఇంచుమించు తేడా ఉండదు. ఒకరు బంతి మీద, ఒకరు పక్కన సాయంగా, ఒకరు కీ లో, ఒకరు రింగ్ ముందు. రెండు డిఫెన్స్‌లూ బంతిని చూసే జరుగుతాయి కాబట్టి ఆగి ఉన్న బొమ్మ ఒకేలా ఉంటుంది. ఇది పిల్లలు తమ కళ్లతో చూడటం ముఖ్యం. జోన్ అంటే తన గడిలో నిలబడి ఉండటం అనే అపోహ అక్కడితో పోతుంది.

టీవీలో ఎన్‌బీఏ చూసే పిల్లలు ఒక సందేహం అడుగుతారు. డిఫెండర్ కీ లో మూడు సెకన్లకన్నా ఎక్కువ ఉండకూడదు కదా అని. ఎన్‌బీఏ 2001-02 సీజన్‌లో జోన్‌ను అనుమతించినప్పుడే ఆ డిఫెన్సివ్ మూడు సెకన్ల రూల్ కూడా పెట్టింది. మనం ఆడే అంతర్జాతీయ నియమాల్లో మూడు సెకన్లు అటాకర్లకే. డిఫెండర్ ఎంతసేపైనా ఉండవచ్చు.

తేడా బయటపడేది అటాకర్ కదిలినప్పుడు

ఇక అటాకర్లకు ఒక్క కదలిక ఇవ్వండి. ఒకటో నంబర్ మూడుకి పాస్ ఇచ్చి, కీ మధ్యగా రింగ్ వైపు పరుగెత్తి, బంతి రాకపోతే ఎడమ మూలకి వెళ్లిపోతాడు. రెండో నంబర్ పైన మధ్యకి జరుగుతాడు. నాలుగో నంబర్ తన చోటు నుంచి ఓ రెండు మీటర్లు పైకి వస్తాడు. ఇదే కదలికను మ్యాన్ టు మ్యాన్ మీద ఒకసారి, జోన్ మీద ఒకసారి ఆడించండి.

మ్యాన్ టు మ్యాన్‌లో ఒకటో డిఫెండర్ చెయ్యాల్సిన మొదటి పని, పాస్ వెళ్లగానే బంతి వైపు ఒక గెంతు. అప్పుడు పరుగెత్తే అటాకర్‌కి అతని ముందు నుంచి దారి ఉండదు, వెనక నుంచే వెళ్లాలి. ఆ గెంతు లేకపోతే అటాకర్ ముందుకొచ్చి రింగ్ దగ్గర తేలిగ్గా పాస్ అందుకుంటాడు. స్కూల్ మ్యాచ్‌లలో పడే సులువైన బాస్కెట్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. గెంతు తర్వాత అతను తన మనిషితో పాటు వెళ్లి, మనిషి ఎడమ మూలకి పోయాక తను కీ లోనే ఆగిపోతాడు. కోర్టు అంతటా ఒక్కొక్కరికి ఒక్కొక్కరు ఉన్నారు. ఖాళీ మనిషి లేడు. కాళ్లు మాత్రం బాగా అలుస్తాయి.

జోన్‌లో కుడి పై వాడు పరుగెత్తేవాడి వెంట వెళ్లకూడదు. "కట్!" అని అరిచి, రెండడుగులు దారికి అడ్డంగా ఉండి, రింగ్ ముందున్నవాడికి అప్పగించాలి. బాగానే ఉంది. కానీ ఇప్పుడు ఎడమ పక్క లెక్క చూడండి. పైన మధ్యలో రెండో నంబర్, ఎడమ వైపు నాలుగో నంబర్, మూలలో ఒకటో నంబర్. ముగ్గురు అటాకర్లు, ఆ పక్కన ఇద్దరే డిఫెండర్లు. బంతి మూడు నుంచి రెండుకి, రెండు నుంచి నాలుగుకి వెళ్తే ఎడమ కింద వాడు నాలుగో నంబర్ మీదకి వస్తాడు. మూలలో ఉన్నవాడు ఒంటరిగా మిగులుతాడు.

ఆట ఆపి, దీనికి పరిష్కారం పిల్లలనే వెతకమనండి. రెండు మూడు ప్రయత్నాల్లో ఎవరో ఒకరు పట్టుకుంటారు: బంతి రెండో నంబర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఎడమ పై వాడు దాని మీదకి వెళ్లకూడదు. కుడి పై వాడు మధ్యకి జరిగి రెండో నంబర్‌ని తీసుకుంటే, ఎడమ పై వాడికి నాలుగో నంబర్, ఎడమ కింద వాడికి మూల మిగులుతాయి. కుడి కింద వాడు రింగ్ ముందుకు రావాలి. పెట్టె మొత్తం ఎడమకి జరిగింది. ఖాళీగా ఉన్నది ఒక్క మూడో నంబర్, అవతలి సైడ్ లైన్ దగ్గర. జోన్ వేసేది ఈ పందెమే: అక్కడికి పాస్ పొడవుగా ఉంటుంది, అది వెళ్లేలోపు మేం తిరిగి వస్తాం అని.

ఇంకో లోపం రీబౌండ్‌లో బయటపడుతుంది. మ్యాన్ టు మ్యాన్‌లో షాట్ వెయ్యగానే ఎవరి మనిషికి వాళ్లు వీపు ఆనించి అడ్డుకోవచ్చు. జోన్‌లో ఎవరికీ మనిషి లేడు. అందరూ పైకి, బంతి వైపు చూస్తూ ఉండిపోతారు. "షాట్" అని వినపడగానే ముందు దగ్గరున్న అటాకర్‌ని వెతికి తాకాలి, తర్వాతే బంతి. దీన్ని జోన్ రోజున విడిగా ఆడించండి: తప్పిపోయిన షాట్‌కి అటాకర్లు రీబౌండ్ తీస్తే వాళ్లకు రెండు పాయింట్లు.

పోల్చేటప్పుడు బాస్కెట్లు లెక్కపెట్టకండి

ప్రతి జట్టుతో మ్యాన్ టు మ్యాన్‌లో ఆరు, జోన్‌లో ఆరు అటాక్‌లు ఆడించి పోల్చండి. కానీ పడిన బాస్కెట్లను బట్టి తీర్పు చెప్పకండి. ఆరు అటాక్‌లలో ఖాళీ షాట్ తప్పిపోవచ్చు, కష్టమైన షాట్ పడిపోవచ్చు. పిల్లలు "జోనే మంచిది మేస్టారూ" అని అదృష్టాన్ని చూసి నిర్ణయించేస్తారు. బయట ఉన్న ఒక అమ్మాయికి నోట్‌బుక్ ఇచ్చి, ప్రతి షాట్‌కీ రెండు విషయాలు రాయమనండి: కీ లోపలి నుంచా, బయట నుంచా, వేసేటప్పుడు డిఫెండర్ చెయ్యి చాపేంత దూరంలో ఉన్నాడా, లేడా.

ఒక మాదిరి లెక్క తీసుకుందాం. మ్యాన్ టు మ్యాన్‌లో ఆరు షాట్లలో కీ లోపల మూడు, అందులో రెండిటికి ఎవరూ అడ్డం లేరు. జోన్‌లో కీ లోపల ఒకటే, బయట ఐదు, ఆ ఐదులో నాలుగు ఖాళీగా ఉన్నవి. ఈ జట్టు మ్యాన్ టు మ్యాన్‌లో చెయ్యాల్సిన పని స్పష్టం: సాయం పక్కన ఉన్నవాళ్లు నడిమి గీత దాకా రావడం లేదు. జోన్‌లో పని వేరు: పెట్టె ఆలస్యంగా జరుగుతోంది. ఎదుటి జట్టుకి బయట గురి లేకపోతే ఆ నాలుగు ఖాళీ షాట్లనూ భరించవచ్చు, ఉంటే భరించలేం.

ఆటకు పాయింట్లు పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. కీ లోపలి బాస్కెట్‌కి ఎక్కువ పాయింట్లు పెడితే అటాకర్లు లోపలికే వస్తారు, జోన్ ఉన్నదానికన్నా బలంగా కనిపిస్తుంది. సాయం నేర్పే రోజున అది పనికొస్తుంది. పోల్చే రోజున మాత్రం రెండిటికీ సమానంగా పెట్టండి.

ఐదో మనిషి వచ్చాక

నలుగురి ఆట కుదిరాక ఐదుగురికి వెళ్లండి. మ్యాన్ టు మ్యాన్‌లో కొత్తగా నేర్పాల్సింది పెద్దగా లేదు, సాయం పక్కన ఇంకొకరు చేరతారు. జోన్‌లో ఐదోవాడిని పెట్టె మధ్యలో నిలబెట్టండి. అది 2-1-2 అవుతుంది. నలుగురి పెట్టెలో ఫ్రీ త్రో లైన్ మధ్య తరచుగా ఖాళీ అవుతుంది. అటాకర్ అక్కడికి వచ్చి బంతి అందుకుంటే నాలుగు వైపులా దారులు తెరుచుకునేవి. ఇప్పుడు ఆ చోటు మూసుకుంటుంది. అయితే మధ్యవాడు అక్కడే అతుక్కుపోకూడదు. బంతి మూలకి వెళ్తే కింది వాడు దాని మీదకి పోతాడు, మధ్యవాడు రింగ్ పక్కకి దిగాలి. కాబట్టి జట్టులో అందరికన్నా ఎత్తైనవాడిని కాక, అందరికన్నా ఎక్కువ మాట్లాడేవాడిని అక్కడ పెట్టండి. ముందున్న ఇద్దరి వీపులూ, బంతీ అతనికి కనిపిస్తాయి. "కట్", "మూల", "వెనక్కి" అని పిలవాల్సింది అతనే.